రాత్రంతా ఛార్జింగ్ పెడితే బ్యాటరీ పోతుందా? నాన్న రాత్రి రెండింటికి లేచి ప్లగ్ పీకుతున్నారు

కిరణ్_కేపీహెచ్‌బీ

అన్నలూ, అక్కలూ, ఒక ఇంటి గొడవ తీర్చండి. మా నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, రాత్రి పదింటికి ఫోన్ ఛార్జింగ్ పెట్టి పడుకుంటారు, సరిగ్గా రెండింటికి అలారం పెట్టుకుని లేచి ప్లగ్ పీకి మళ్లీ పడుకుంటారు. అలారానికి ఆయనతో పాటు మేమందరం లేస్తున్నాం. నిద్ర పాడు చేసుకోవద్దు నాన్నా అంటే "రాత్రంతా పెడితే బ్యాటరీ ఉబ్బిపోద్ది, చూడలేదా మీ అమ్మది" అంటారు. అమ్మది ఏంటంటే, పాత ఫోన్ ఒకటి పూజ గదిలో పెట్టి పొద్దున సుప్రభాతం కోసం వాడేవాళ్లం, అది ఇరవై నాలుగ్గంటలూ ఛార్జర్‌కే ఉండేది, రెండేళ్లకి వెనక మూత లేచి దోసెలా వంగిపోయింది. నిజంగానే ఉబ్బింది, అందులో అబద్ధం లేదు.

ఇప్పుడు నాన్నది శాంసంగ్, రెండేళ్లది, 25 వాట్ ఛార్జర్. సెట్టింగ్స్‌లో Battery protection అని ఉంది, దాంట్లో Basic, Adaptive, Maximum అని మూడు రకాలు చూపిస్తోంది. అవి నిజంగా ఏం చేస్తాయి? పెడితే నాన్న రెండింటికి లేవక్కర్లేదా? అదొక్కటీ తేల్చండి చాలు.

ఆనంద్_సాఫ్ట్

ఇంకా ఈ డౌట్లేనా బ్రో. ఫోన్ లోపల ఛార్జింగ్ చిప్ ఉంటుంది, 100 అవగానే అదే కట్ చేసేస్తుంది. ఓవర్‌ఛార్జ్ అనేదే జరగదు ఈ రోజుల్లో. ప్లగ్ ఉన్నా లేకపోయినా ఒకటే, హాని సున్నా. నేను ఆరేళ్ల నుంచీ రాత్రంతా పెడుతున్నా, ఏం కాలేదు. నాన్నగారిని హాయిగా పడుకోమను.

యూనిట్_యాదగిరి

రాత్రంతా పెడితే కరెంటు బిల్లు ఎంత పెరుగుతదో అది కూడా జర చెప్పుండ్రి. మా ఇంట్ల నాలుగు ఫోన్లు, అన్నీ పొద్దుగాల దాక గుంజుతనే ఉంటయ్.

కిరణ్_కేపీహెచ్‌బీ

యాదగిరి అన్నా, బిల్లు గురించి కాదు, బ్యాటరీ పాడవుద్దా అని 😅

సెల్‌ల్యాబ్_మౌలాలి

బిల్లు సంగతి ముందే తేల్చేస్తా, రెండు నిమిషాల పని. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్ అవర్. రోజూ సున్నా నుంచి నింపినా నెలకి అర యూనిట్ పైచిలుకు, ఛార్జర్‌లో వృథా అయ్యేది కలిపినా ఒక్కో ఫోన్‌కి యూనిట్ లోపే. నిండాక ప్లగ్‌లో ఉంటే గుంజేది చాలా తక్కువ. యాదగిరి అన్నా, నాలుగు ఫోన్ల కంటే మీ ఇంట్లో గీజర్ రోజూ పది నిమిషాలు ఎక్కువ ఆన్‌లో ఉంటేనే బిల్లు ఎక్కువ లేస్తది.

ఇక అసలు విషయం. నేను బ్యాటరీ ప్యాక్‌లు టెస్ట్ చేసే ల్యాబ్‌లో పనిచేస్తా, రోజంతా సెల్స్‌ని ఛార్జ్ చేయడం, వేడి చేయడం, పాడయ్యేదాకా చూడటం, అదే మా పని. ఆనంద్ చెప్పింది సగం నిజం. కట్ అవుతది, నిజమే. ఓవర్‌ఛార్జ్ కాదు, అదీ నిజమే. కానీ "హాని సున్నా" అన్న చోట దారి తప్పింది.

లిథియం సెల్‌కి కరెంట్ లోపలికి పోతుండటం ఒక్కటే కష్టం కాదు, నిండుగా కూర్చోవడం కూడా కష్టమే. ఇప్పటి ఫోన్లలో నూరు శాతం అంటే సెల్ దగ్గర 4.4 వోల్టులు అటూ ఇటూ. ఆ ఎత్తు వోల్టేజ్‌లో లోపలి ద్రావణం మెల్లమెల్లగా ఎలక్ట్రోడ్‌తో కలిసి చెడిపోతుంటది, దానికి వేడి తోడైతే వేగం పెరుగుతది. అప్పుడు పుట్టే గ్యాసే అమ్మగారి పూజగది ఫోన్‌ని ఉబ్బించింది. ఛార్జర్ కట్ చేసిందా లేదా అన్నది దీనికి సంబంధం లేదు. ప్లగ్ పీకేసినా సెల్ నిండుగానే ఉందిగా.

కిరణ్, ఇప్పుడు నాన్నగారి లెక్క వేద్దాం. రాత్రి పదింటికి పెట్టేటప్పుడు ఎంత శాతం ఉంటది?

కిరణ్_కేపీహెచ్‌బీ

చూసి చెప్తున్నా, 35, 40 మధ్య. పదకొండున్నరకల్లా నిండిపోతుంది, స్క్రీన్ వెలిగి 100 అని చూపిస్తుంది. పొద్దున ఆరింటికి వాకింగ్‌కి వెళ్లేటప్పుడు ఫోన్ తీసుకెళ్తారు .

సెల్‌ల్యాబ్_మౌలాలి

చూశారా. పదకొండున్నరకి నిండింది. రెండింటికి పీకారు. ఊరికే పడున్న ఫోన్ రెండింటి నుంచి ఆరింటిదాకా మహా అయితే రెండు మూడు శాతం తగ్గుతది. అంటే పీకినా పీకకపోయినా సెల్ 97, 98 దగ్గరే ఉంది. నాన్నగారు నిద్ర మానుకుని బ్యాటరీకి మిగిల్చింది దాదాపు ఏమీ లేదు. పాపం.

ఆయన పట్టుకోవాల్సింది ప్లగ్‌ని కాదు, పదకొండున్నర నుంచి ఆరు దాకా ఉన్న ఆ ఆరున్నర గంటల్ని. ఏడాదికి లెక్కేస్తే 2370 గంటలు, అంటే 99 రోజులు రాత్రీపగలూ నిండుగా కూర్చున్నట్టు. మన ఊళ్లో ఏప్రిల్, మే రాత్రుల్లో గదిలో గాలే ముప్పై ముప్పై ఒకటి ఉంటది, దానిపైన ఫోన్ వేడి వేరే.

Adaptive చేసేది సరిగ్గా ఇదే. మీరెప్పుడు పడుకుంటున్నారో ఎప్పుడు లేస్తున్నారో అంచనా వేసుకుని 80 దగ్గర ఆగిపోతది, లేచే ముందు మిగిలిన ఇరవై నింపుతది. నిండుగా కూర్చునే టైమ్ ఆరున్నర గంటల నుంచి అరగంటకి పడిపోతది. ఏడాదికి 99 రోజులు కాస్తా వారం రోజులవుతది. Maximum పెట్టి లిమిట్ 80 ఉంచితే 80 దాటనే దాటదు. Basic ఏమో 100 దాకా నింపి, 95కి దిగాక మళ్లీ నింపుతది, పదే పదే పైన టాప్ అప్ కొట్టకుండా. అది తక్కువ సాయం, కానీ ఏమీ లేకపోవడం కంటే నయం. ఈ మూడూ శాంసంగ్‌లో వన్ యూఐ 6.1 నుంచి ఉన్నాయి, అంతకుముందు 85 దగ్గర ఆపే స్విచ్ ఒక్కటే ఉండేది.

ఆనంద్_సాఫ్ట్

ఓకే కానీ 80 దగ్గర ఆగితే మాత్రం 4.4 నుంచి ఎంత తగ్గుతుంది? రెండు మూడు పాయింట్లేగా? అంత తేడాకి ఏం ఒరుగుతుంది?

సెల్‌ల్యాబ్_మౌలాలి

మంచి ప్రశ్న. నా ఫోన్‌లో 80 దగ్గర 4.1, 4.2 మధ్య ఉంటది. చూడటానికి పావు వోల్టే. కానీ ఈ చెడిపోవడం ఆ చివరి పావు వోల్ట్‌లోనే ఎక్కువ, ఎత్తు పోయే కొద్దీ మరీ ఎక్కువ. బ్యాటరీ యూనివర్సిటీ సైట్‌లో ఒక పట్టిక ఉంది, చాలామంది చూసే ఉంటారు, సెల్‌ని ఏడాది పాటు వాడకుండా పెట్టేస్తే కెపాసిటీ ఎంత మిగులుతుందని అంచనా: 25 డిగ్రీల్లో 40 శాతం దగ్గర పెడితే 96 మిగులుతది, నిండుగా పెడితే 80. అదే 40 డిగ్రీల్లో అయితే 85, 65. అవి పాత రకం సెల్స్ లెక్కలు, మన ఫోన్‌కి అచ్చంగా అతకవు, పైగా మనం రోజూ వాడతాం. కానీ దిశ చూడండి, వేడి ఒక్కటే ఉన్నా నష్టమే, నిండుగా ఉండటం ఒక్కటే అయినా నష్టమే, రెండూ కలిస్తే అసలు దెబ్బ.

ఇర్ఫాన్_జగదీష్‌మార్కెట్

భాయ్, కౌంటర్ మీద కూర్చునే మనిషిని, నేను చూసింది చెప్తా. నా దగ్గరికి ఉబ్బిన బ్యాటరీలు ఎక్కువ ఎక్కడ నుంచి వస్తాయంటే, దిండు కింద పెట్టి ఛార్జ్ చేసే కాలేజీ పిల్లలవి, హాట్‌స్పాట్ పెట్టి ఛార్జర్‌లో వదిలేసిన హాస్టల్ ఫోన్లవి, దుకాణంలో క్యూఆర్ స్కానింగ్ కోసం ఎప్పుడూ ప్లగ్‌లో ఉండేవి. ఇంకా ముఖ్యంగా మూడొందలకి వేసుకున్న లోకల్ బ్యాటరీలు. 80, 100 అని ఈ లెక్కలన్నీ మంచి సెల్‌కి. లోకల్ సెల్ వేస్తే ఏ సెట్టింగ్ కాపాడదు, మీద ఐదు వేలు రాసి ఉంటది లోపల మూడు వేలు కూడా ఉండదు.

నా మాట వినేవాళ్లకి ఒకటే చెప్తా, ముందు బ్యాక్ కేస్ తీసి బల్ల మీద పెట్టి ఛార్జ్ చెయ్యండి. రబ్బరు కేస్ లోపల ఫోన్ మగ్గబెట్టిన మామిడికాయే.

రాజన్న_క్యాబ్

నాది కూడా చెప్పనా. నేను గచ్చిబౌలి ఎయిర్‌పోర్ట్ లైన్ల క్యాబ్ నడుపుత. ఫోన్ డాష్‌బోర్డ్ స్టాండ్ మీద, పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాక ఛార్జర్‌ల, మ్యాప్ ఆన్, యాప్ ఆన్, అద్దంలకెళ్లి ఎండ. నిరుడు ఎండకాలం "ఫోన్ వేడెక్కింది, ఛార్జింగ్ ఆపినం" అని వచ్చి 40 శాతం కూడా ఎక్కలే, మధ్యల ట్రిప్ పోయింది. రాత్రి ఇంటికొచ్చి మల్ల ఛార్జ్ పెడ్త. నాకు కూడ రాత్రి పీకుమంటరా?

సెల్‌ల్యాబ్_మౌలాలి

రాజన్నా, నీ బ్యాటరీ రాత్రి కాదు పగలే పాడైతుంది. ఇక్కడ అందరికంటే ఆ 80 లిమిట్ అవసరం నీకే. పదిహేను గంటలు నిండుగా, అదీ ఎండలో, స్క్రీన్ ఫుల్ వెలుగులో. దుకాణాల క్యూఆర్ ఫోన్లకు, పూజగది ఫోన్‌కు ఏమైందో నీకూ అదే అయితది.

చేయాల్సినవి రెండు. ఒకటి, లిమిట్ 80 దగ్గర పక్కాగా పెట్టు, Adaptive వద్దు, నువ్వు పగలంతా ప్లగ్‌లోనే ఉంటవు కాబట్టి 80 చాలు, కారులో కరెంట్ పోయేది లేదుగా. రెండు, స్టాండ్‌ని అద్దం మీద నుంచి తీసి ఏసీ గాలి వచ్చే కన్నం దగ్గర తగిలించు. ఛార్జింగ్ ఆగడం పాడైనట్టు కాదు, అది ఫోన్ తనను తాను కాపాడుకోవడం. ఐఫోన్‌లు కూడా వేడి ఎక్కువైతే 80 పైన నింపడం ఆపేస్తాయి, ఆపిల్ వాళ్లే చెప్పారు.

రాజన్న_క్యాబ్

ఏసీ కన్నం దగ్గర పెడ్తే ప్యాసింజర్లకు గాలి తగ్గుతది అంటరు అన్నా. అయినా ఓ వైపుది పెడ్త. లిమిట్ ఎక్కడుంటదో మా పిలగానితోని చూపిస్త.

నైట్‌షిఫ్ట్_నవ్య

నా సమస్య వేరే. నేను రాయదుర్గంలో నైట్ షిఫ్ట్, ఐఫోన్. పొద్దున ఎనిమిదికి వచ్చి ఛార్జింగ్ పెట్టి పడుకుంటా, సాయంత్రం నాలుగుకి లేస్తా, కానీ వారానికోసారి షిఫ్ట్ మారుతుంది, ఒక్కో వారం పగలు. అందులో Optimized Battery Charging అని ఆన్‌లో ఉంది గాని ఒక్కసారి కూడా 80 దగ్గర ఆగలేదు, గంటన్నరలో 100 అయిపోయి కూర్చుంటుంది. బగ్గా?

సెల్‌ల్యాబ్_మౌలాలి

బగ్ కాదమ్మా, దానికి నీ జీవితం అర్థం కాలేదు 😀 ఆపిల్ చెప్పే ప్రకారం అది నీ అలవాటు నేర్చుకోడానికి కనీసం 14 రోజులు కావాలి, ఆ చోటులో ఐదు గంటలు అంతకంటే ఎక్కువ సేపు సాగిన ఛార్జింగ్‌లు కనీసం తొమ్మిది ఉండాలి. పైగా ఇల్లు, ఆఫీస్ లాంటి ఎక్కువసేపు గడిపే చోట్ల మాత్రమే పనిచేస్తది, లొకేషన్ ఆపేస్తే అదీ ఉండదు. నీ షిఫ్ట్ వారం వారం మారుతుంటే అది లెక్క ఎప్పుడూ పూర్తి చేసుకోలేదు.

నీది ఐఫోన్ 15 గానీ ఆ తర్వాతది గానీ అయితే ఆ తెలివితేటల జోలికి పోకు, గట్టి లిమిట్ పెట్టెయ్. ఐఓఎస్ 18 నుంచి 80, 85, 90, 95, 100 ఏదైనా ఎంచుకోవచ్చు.

నైట్‌షిఫ్ట్_నవ్య

15 ఏ. పెట్టా. కానీ ఇంతకుముందు ఒకసారి 80 పెట్టినప్పుడు ఒకరోజు 100కి పోయింది. అందుకే నమ్మకం పోయి తీసేశా.

సెల్‌ల్యాబ్_మౌలాలి

అది కావాలనే పోతది. ఫోన్‌కి బ్యాటరీలో ఎంత ఉందో తెలియదు, లెక్కగడతది. చాలాకాలం పై కొస చూడకపోతే ఆ లెక్క మెల్లగా తప్పుతది, 12 శాతం చూపిస్తూనే ఆఫ్ అయిపోయే ఫోన్లు ఉంటాయి కదా, కొన్నిసార్లు ఇదే కారణం. అందుకని అప్పుడప్పుడూ నిండా ఛార్జ్ చేసి లెక్క సరిచేసుకుంటది. నెలకి ఒకటి రెండుసార్లు నిండితే ఏమీ కాదు, రోజూ ఆరున్నర గంటలు నిండుగా ఉండటంతో దాన్ని పోల్చకు.

హరి_హిమాయత్‌నగర్

నేనూ అదే అంటున్నా ఎప్పటి నుంచో! బ్యాటరీని పూర్తిగా సున్నాకి దించి మళ్లీ 100 దాకా ఎక్కించాలి, అప్పుడే దానికి "మెమరీ" పోతుంది. నేను వారానికోసారి ఫోన్ ఆఫ్ అయ్యేదాకా వాడి ఛార్జ్ చేస్తా. మా పాత ఫోన్ల రోజుల్లో దుకాణం వాడే చెప్పేవాడు.

ఇర్ఫాన్_జగదీష్‌మార్కెట్

హరి సాబ్, ఆ పాత ఫోన్లు నికెల్ బ్యాటరీలవి. ఇవి వేరే జాతి.

సెల్‌ల్యాబ్_మౌలాలి

హరి గారూ, మీరు చేసేది బ్యాటరీ మీటర్‌ని సరిచేస్తది, బ్యాటరీని కాదు. మీటర్ తేడాగా ఉంటే రెండు మూడు నెలలకి ఒకసారి చేయండి, తప్పులేదు. వారం వారం సున్నాకి దించితే ఉల్టా అరుగుదలే ఎక్కువ.

హరి_హిమాయత్‌నగర్

నా ఫోన్ మూడేళ్లయింది, బాగానే ఉంది. మీ థియరీ మీకు.

కిరణ్_కేపీహెచ్‌బీ

నాన్నకి చూపించాలంటే రుజువు కావాలి. ఫోన్‌లో వేడి, వోల్టేజ్ ఎలా చూడాలి? యాప్‌లు వద్దు, ఆయన యాప్ అంటేనే భయపడతారు, పోయినసారి ఎవరో ఏదో లింక్ పంపి...

సెల్‌ల్యాబ్_మౌలాలి

ఫోన్‌లో యాప్ అక్కర్లేదు. కంప్యూటర్‌లో adb అనే ఆండ్రాయిడ్ టూల్ పెట్టుకో, ఫోన్ డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కంప్యూటర్‌కి కలిపి ఇది కొట్టు:

```
adb shell dumpsys battery
```

బోలెడు లైన్లు వస్తాయి, నీకు కావాల్సినవి మూడే. నాది ఇప్పుడు ఇలా ఉంది:

```
  level: 100
  voltage: 4391
  temperature: 352
```

వోల్టేజ్ మిల్లీవోల్ట్‌లలో, అంటే 4.39. వేడి పదో వంతు డిగ్రీల్లో, అంటే 35.2. రాత్రి చూడాలంటే కేబుల్ వద్దు, కేబుల్ పెడితే కంప్యూటరే ఛార్జ్ చేసేస్తది, వైఫై మీద కలపాలి.

పోయిన ఏప్రిల్‌లో నా ఫోన్ మీద వరుసగా మూడు రాత్రులు అరగంటకోసారి ఇది రాసుకున్నా. మొదటి రాత్రి కేస్‌తో, పరుపు మీద: ఛార్జ్ అవుతుండగా 40.1 దాకా పోయింది, నిండాక తెల్లారేదాకా 35 కిందకి దిగలేదు. రెండో రాత్రి కేస్ తీసి, బల్ల మీద, ఫ్యాన్ కింద: పై కొస 36.4, నిండాక 31, గది ఎంతుందో ఫోన్ అంతే. మూడో రాత్రి అదే బల్ల, Adaptive ఆన్: పదకొండు కాకముందే 80కి చేరి ఆగింది, వోల్టేజ్ 4.15 దగ్గర కదలకుండా ఉంది, ఐదింటికి మళ్లీ మొదలై ఆరింటికి 4.39. ఒక్క ఫోన్ మీద చేసిన పని, ఇదేదో పరిశోధన అనుకోకండి. కానీ నాకు తెలిసింది ఏంటంటే సెట్టింగ్ కంటే ముందు పరుపు మీద నుంచి లేపడమే పెద్ద మార్పు.

సుజాత_ఏఎస్‌రావ్‌నగర్

నాకు ఒకటి అర్థం కాలేదు. బ్యాటరీ రెండేళ్లకి 80కి పడిపోకూడదని నేను మొదటి రోజు నుంచే 80 వాడటం ఏంటి? ఐదు వేల ఎంఏహెచ్‌కి డబ్బు కట్టి నాలుగు వేలు వాడుకోవాలా? రెండేళ్లకి పడిపోతే పడిపోనివ్వండి, కొత్త బ్యాటరీ వేయించుకుంటా. రెండు వేలో మూడు వేలో.

ఇర్ఫాన్_జగదీష్‌మార్కెట్

సుజాత మేడం మాటతో నేను ఉన్నా. బ్యాటరీ మార్చే వస్తువు, నగ కాదు.

సెల్‌ల్యాబ్_మౌలాలి

నేను కూడా కాదనను. రాత్రికి 15 శాతంతో ఇల్లు చేరేవాళ్లకి గట్టి 80 లిమిట్ పెట్టమని నేను చెప్పను, వాళ్లకి Adaptive, పొద్దున నిండుగా చేతికొస్తది, రాత్రి నిండుగా కూర్చోదు. కానీ కిరణ్ వాళ్ల నాన్నగారికి రాత్రి 40 మిగులుతోందంటే రోజుకి 60 ఖర్చు. 80తో మొదలెట్టినా 20 మిగులుతది. వాడుకోని ఇరవై కోసం రోజూ పైకి ఎక్కించడం దేనికి?

ఇంకో మాట. బ్యాటరీ మార్చడం అందరికీ సుజాత గారంత సులువు కాదు. మా చుట్టాలాయన సర్వీస్ సెంటర్‌కి వెళ్తే ఆ మోడల్ బ్యాటరీ స్టాక్ లేదని మూడు వారాలు తిప్పారు, చివరికి బయట వేయించుకున్నాడు, అది ఆరు నెలలకి ఉబ్బింది.

ఆనంద్_సాఫ్ట్

ఇంకో డౌట్. 80 దగ్గర ఆగినప్పుడు ఫోన్ ఛార్జర్ మీద నడుస్తుందా, బ్యాటరీ మీద నడుస్తుందా? బ్యాటరీ మీదైతే దిగి ఎక్కి దిగి ఎక్కి సైకిల్స్ పెరగవా?

సెల్‌ల్యాబ్_మౌలాలి

చాలా ఫోన్లలో ఛార్జర్ నుంచే ఫోన్‌కి కరెంట్ పోతది, బ్యాటరీ పక్కన ఊరికే కూర్చుంటది. కానీ గేమ్ ఆడుతూ ఛార్జర్ ఇచ్చేదానికంటే ఎక్కువ లాగితే తేడా బ్యాటరీ నుంచి వస్తది. నీ ఫోన్‌లో చూడాలంటే లిమిట్ దగ్గర ఆగాక గంటసేపు వోల్టేజ్, శాతం చూడు, నిలకడగా ఉంటే ఛార్జర్ మీద ఉన్నట్టు, మెల్లగా దిగి మళ్లీ ఎక్కుతుంటే లేదు. ఒకటి రెండు శాతం దిగి ఎక్కినా సైకిల్ అనేది మొత్తం కలిపి నూరు శాతం వాడితే ఒకటి, కాబట్టి కంగారు పడేంత లేదు.

ఆనంద్_సాఫ్ట్

నా దాంట్లో 80, 78 మధ్య ఊగుతోంది 😐 రాసుకుని మళ్లీ చెప్తా.

సుజాత_ఏఎస్‌రావ్‌నగర్

మరి లిమిట్ ఆప్షనే లేని పాత ఫోన్లు? మా అత్తగారిది 2019ది.

సెల్‌ల్యాబ్_మౌలాలి

ఇంట్లో మూల పడున్న 5 వాట్ పాత ఛార్జర్ ఉంటే రాత్రి దాంతో పెట్టండి. వేడి తక్కువ, నిండటానికి మూడు నాలుగు గంటలు పడుతుంది కాబట్టి నిండుగా కూర్చునే టైమ్ దానంతట అదే తగ్గుతది. లేదంటే రాత్రి మానేసి సాయంత్రం సీరియల్ టైంలో పెట్టి తీసేయండి. పూజగది ఫోన్ లాంటివాటికి హార్డ్‌వేర్ షాపులో తిప్పే టైమర్ ప్లగ్ దొరుకుతది, రోజుకి గంట పెట్టండి చాలు.

కిరణ్, ఆ ఉబ్బిన ఫోన్ ఏం చేశారు?

కిరణ్_కేపీహెచ్‌బీ

...బీరువా పైన ఉంది. అమ్మ పారేయొద్దంది, సుప్రభాతం అందులోనే ఉందట.

ఇర్ఫాన్_జగదీష్‌మార్కెట్

అరే భాయ్! దించు దాన్ని. నొక్కొద్దు, గుచ్చొద్దు, మూత బలవంతంగా మూయొద్దు, ఛార్జ్ అసలు పెట్టొద్దు. చెత్తబండిలో కూడా వేయకు, అక్కడ నలిగితే మంటే. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వు, లేదా నా లాంటి రిపేర్ వాళ్ల దగ్గరికి తీసుకురా, బ్యాటరీ తీసి ఫోన్ ఇస్తా, సుప్రభాతం కాపీ చేసుకో.

కిరణ్_కేపీహెచ్‌బీ

(మూడు వారాల తర్వాత)

అప్‌డేట్. అమ్మ ఫోన్ ఇచ్చేశాం, పాటలు పెన్‌డ్రైవ్‌లోకి వచ్చాయి. నాన్న ఫోన్ కేస్ తీసి షెల్ఫ్ మీద పెట్టించా, Adaptive పెడితే మొదటి వారం సరిగ్గా ఆగలేదు, ఆయన అలారం రెండింటికే ఉంది కదా, దాన్నే లేచే టైం అనుకుందో ఏమో అని నా అనుమానం, అది నిజమో కాదో తెలీదు. అందుకని Maximum పెట్టి 80కి కట్టేశా. రాత్రి పదింటికి 30, 25 మిగులుతోంది, సరిపోతోంది.

అలారం మాత్రం ఇంకా మోగుతోంది. ఇప్పుడు ప్లగ్ పీకట్లేదు, 80 దగ్గర ఆగిందో లేదో చూసి పడుకుంటున్నారు.

రాజన్న_క్యాబ్

🤣 నాది కూడ 80కి కట్టిన. ఎండకాలం వస్తే చెప్త.